బిన్‌కు ముందున్నదే మనిషి పేరు

వేదిక మీది పెద్దలకు, డెస్కులో సెలవు అడిగి మరీ వచ్చిన సబ్ ఎడిటర్లకు నమస్కారం. నాకిచ్చిన అంశం 'విదేశీ పేర్లు రాసే పద్ధతి'. రష్యా, చైనా పేర్లు కూడా చెప్పమన్నారు. నిర్వాహకులు క్షమించాలి, నేను బిన్, బింత్ ఉన్న అరబ్బు పేర్ల గురించే మాట్లాడతాను.

కారణం చెబుతాను. కొన్నేళ్ల కిందట హైదరాబాద్ బార్కస్‌లో ఒక కుర్రాడు ప్రమాదంలో చనిపోయాడు. బార్కస్ మీకు తెలుసు కదా, నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట. అతని పూర్తి పేరులో ముందు అబ్బాయి పేరు, తర్వాత బిన్, ఆ తర్వాత తండ్రి పేరు. ఒక పత్రిక డెస్కులో చివరి మాటే ఇంటిపేరు అనుకున్నారు. హెడ్డింగ్‌లో ఆ ఒక్క మాటే పెట్టి 'దుర్మరణం' అని వేశారు. అంటే బతికున్న తండ్రిని చంపేశారు. కొడుకును పోగొట్టుకున్న ఆ మనిషి, తనే పోయాడనుకుని వచ్చిన వాళ్లకు ఎదురు వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది. సవరణ వేయమని నేను అడిగితే, "అది వాళ్ల ఇంటిపేరే కదండీ" అన్నారు. సవరణ పడలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

బిన్ అంటే కొడుకు, బింత్ అంటే కూతురు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసీ తప్పు రాస్తున్నాం. ఒక పేరు తీసుకుని విప్పి చూద్దాం. అమీరా రీమా బింత్ బందర్ బిన్ సుల్తాన్ బిన్ అబ్దులజీజ్ ఆల్ సఊద్. 2019లో అమెరికాకు సౌదీ రాయబారిగా నియమితురాలైన మహిళ.

మొదట బిరుదు తీసి పక్కన పెట్టండి. అమీరా అంటే రాకుమారి, అది పేరు కాదు. తర్వాత మొదటి బిన్ లేదా బింత్ దగ్గర ఆగండి. దానికి ముందున్నది రీమా. ఆమె పేరు అంతే. అక్కడి నుంచి తండ్రి బందర్, తాత సుల్తాన్, ముత్తాత అబ్దులజీజ్. ఈ అబ్దులజీజే 1932లో సౌదీ అరేబియాను ఏర్పాటు చేసిన రాజు. చివర ఆల్ సఊద్ అంటే సఊద్ వంశం. ఇక్కడ 'సుల్తాన్' చూసి బిరుదనుకోకండి, అది తాతగారి సొంత పేరు. తండ్రి బందర్ కూడా 1983 నుంచి 2005 దాకా అమెరికాలో ఇదే రాయబారి పదవిలో ఉన్నారు. రీమా వార్తకు 'బందర్ వ్యాఖ్యలు' అని హెడ్డింగ్ పెడితే పాఠకుడు ఎవరనుకోవాలి?

పెళ్లయినా బింత్ తర్వాతి పేరు మారదు. ఖతర్ మాజీ అమీర్ హమద్ భార్య షేఖా మోజా బింత్ నాసర్. నాసర్ ఆమె తండ్రి. బింత్ తీసేసి 'మోజా నాసర్' అని రాస్తే, మన పాఠకుడు నాసర్‌ను భర్త అనుకుంటాడు. షేఖా అన్నది గౌరవపదం, మొదటిసారి రాసి తర్వాత వదిలేయొచ్చు. మన దగ్గర కథ వేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ముందు వచ్చే షేక్ ఇంటిపేరులాగా నడుస్తుంది. అందుకే షేక్ నాజర్‌ను జనం 'బుర్రకథ నాజర్' అన్నారు. షేక్ అని పిలిస్తే ఎవరని అడుగుతారు.

ఇప్పుడు అసలు గొడవ. 'బిన్ సల్మాన్ హెచ్చరిక' అని రాస్తున్నాం. ఏ బిన్ సల్మాన్? సౌదీ యువరాజు మహమ్మద్ సరే. 2019 నుంచి ఇంధన మంత్రి అబ్దులజీజ్ బిన్ సల్మాన్. 2022 నుంచి రక్షణ మంత్రి ఖాలిద్ బిన్ సల్మాన్. ముగ్గురూ రాజు సల్మాన్ కొడుకులే. చమురు వార్తలో బిన్ సల్మాన్ అంటే ఎవరో చెప్పండి చూద్దాం! 'బిన్' కూడా తీసేసి సల్మాన్ అంటే నేరుగా రాజుగారే. చోటు లేకపోతే 'యువరాజు మహమ్మద్' అనండి, 'మంత్రి ఖాలిద్' అనండి. బిన్ లాడెన్ లాంటిచోట ఆ రెండు మాటలూ కలిసి కుటుంబం పేరుగా స్థిరపడ్డాయి, దాన్ని విడగొట్టకూడదు. అలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇంకొక్కటి. అబ్దులజీజ్, అబ్దుల్ రహమాన్ లాంటివి ఒకే పేరు. 'అబ్దుల్' అంటే 'ఫలానావారి దాసుడు' అనే మాటలో సగం. ఆ ఫలానా అల్లా పేర్లలో ఒకటి. అది లేకుండా 'అబ్దుల్ అన్నారు' అని రాస్తే పేరు సగంలో తెగిపోయినట్టే.

మన నగరం పేరు ఒకటి చూడండి. మలక్‌పేట ఎమ్మెల్యే అహ్మద్ బిన్ అబ్దుల్లా బలాల. అహ్మద్ ఆయన, అబ్దుల్లా తండ్రి, బలాల కుటుంబం పేరు. హెడ్డింగ్‌కు 'బలాల' చాలు, 'అబ్దుల్లా' మాత్రం రాయకూడదు. బార్కస్ నుంచి కాపీ వచ్చినప్పుడల్లా రిపోర్టర్‌కు ఒక్క ఫోన్ చేసి, ఇందులో తండ్రి పేరేది, కుటుంబం పేరేది అని అడగండి. మరణవార్త అయితే అడగకుండా పేజీ వదలొద్దు.