రిడ్జ్ ఎటువైపు కుదిస్తుంది?

మిత్రులారా, ఎడమ కాలి పొడవు, కుడి కాలి పొడవు రెండూ తీసుకుని మనిషి ఎత్తును అంచనా వేయాలనుకుందాం. రెండు కాలమ్‌లూ దాదాపు ఒకటే. ఒక్కోదాని నుంచి సగటు తీసేసి, వర్గాల మొత్తం 1 అయ్యేలా సర్దాం. వాటి సహసంబంధం 0.99. ఈ రెండు కాలమ్‌లు X, ఎత్తులు y అనుకుంటే, XᵀX మాత్రికలో కర్ణం మీద 1లు, మిగతా చోట్ల 0.99 ఉంటాయి. Xᵀy విలువలు 2.03, 1.95 అనుకోండి. లెక్క సులువుగా సాగాలని ఎంచుకున్న అంకెలివి.

కనిష్ఠ వర్గాల పద్ధతి ఇచ్చే గుణకాలు 5, −3. కుడి కాలు పొడవైన కొద్దీ మనిషి పొట్టి అవుతాడట! ఇప్పుడు 2.03, 1.95లను తారుమారు చేయండి. గుణకాలు −3, 5 అవుతాయి. అయితే రెండుసార్లూ వాటి మొత్తం 2 మాత్రం కదలలేదు.

ఎందుకో చూద్దాం. గుణకాలను b అంటే, ఈ పద్ధతి సాధించేది XᵀX b = Xᵀy అనే రెండు సమీకరణాలను. వాటిని కూడితే, గుణకాల మొత్తం 3.98/1.99, అంటే 2. తీసివేస్తే, వాటి తేడా 0.08/0.01, అంటే 8. 0.01తో భాగించడమంటే వందతో గుణించడమే. రెండు కాళ్ల మధ్య తేడా గురించి డేటాలో ఉన్న సమాచారమే అతి తక్కువ. టేపు కాస్త జారినా ఆ లోపం వందరెట్లవుతుంది.

1970లో హోర్ల్, కెనార్డ్ ప్రతిపాదించిన రిడ్జ్ పద్ధతి కర్ణం మీద చిన్న సంఖ్య k కలుపుతుంది:

```
b = (XᵀX + kI)⁻¹ Xᵀy
```

k = 0.1 అయితే 1.99 కాస్తా 2.09 అవుతుంది, 0.01 ఏకంగా 0.11కు పెరుగుతుంది. మొత్తం 1.90, తేడా 0.73, గుణకాలు 1.32, 0.59. అంటే మొత్తం 5 శాతం తగ్గితే, తేడా 91 శాతం తగ్గింది. రిడ్జ్ అన్నింటినీ ఒకే నిష్పత్తిలో కుదిస్తుందనుకునేవారు గమనించవలసింది ఇదే: డేటా గట్టిగా చెప్పిన దిశను దాదాపు వదిలేసి, గొణిగిన దిశనే అది అణచివేస్తుంది.

దీనికి మూల్యం ఉంది. ఆ తేడా నిజంగానే 8 అయినా రిడ్జ్ 0.73 అనే చెబుతుంది. కాబట్టి ఒక్కో గుణకాన్ని విడిగా చూసి 'ఎడమ కాలి ప్రభావం ఇంత' అని ప్రకటించకండి. ఒక కాలు పొట్టిగా ఉన్నవారి విషయంలో అంచనానూ నమ్మకండి.

సర్దుబాటు మానేసి ఒక కాలిని సెంటీమీటర్లలో, మరొకదాన్ని మిల్లీమీటర్లలో ఉంచితే, మిల్లీమీటర్ల కాలమ్‌కు పదోవంతు గుణకమే చాలు. k కలపడమంటే పెద్ద గుణకాలకు జరిమానా వేయడమే కాబట్టి, ఆ చిన్న గుణకం జరిమానాను చాలావరకు తప్పించుకుంటుంది. అందుకే ముందు సర్దాలి. స్థిరపదాన్ని మాత్రం కుదించకూడదు.

k విలువను సాధారణంగా క్రాస్ వాలిడేషన్‌తో ఎంచుకుంటారు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కొలమానం చూసుకోవాలి. పైథాన్ లైబ్రరీ scikit-learnలో `StandardScaler` తర్వాత ఒక్కో కాలమ్ వర్గాల మొత్తం 1 కాదు, వరుసల సంఖ్య n. అక్కడి రిడ్జ్‌లో k స్థానంలో ఉండేది `alpha`. కాబట్టి మన k దాన్ని nతో భాగించినంత. 500 వరుసలుంటే, ముందే ఉండే `alpha=1.0` మన లెక్కలో 0.002 మాత్రమే. దానితో మన గుణకాలు 4.33, −2.33. రిడ్జ్ వాడినా కుడి కాలి గుణకం ఇంకా రుణాత్మకమే. k = 0.1 కావాలంటే `alpha=50` ఇవ్వాలి.