పెట్టె మీద 1 టీబీ, లోపల 32 జీబీ: నకిలీ పెన్‌డ్రైవ్‌లపై చర్చ

(విశాఖపట్నం స్టూడియో. పాల్గొన్నవారు: జగదాంబ దగ్గర కంప్యూటర్ సర్వీస్ షాపు నడిపే టెక్నీషియన్, ఎంవీపీ కాలనీలో స్టూడియో ఉన్న పెళ్లి ఫొటోగ్రాఫర్.)

వ్యాఖ్యాత: ఫొటోగ్రాఫర్ గారూ, మీకు తెలిసినాయనకి జరిగింది చెప్పండి.

ఫొటోగ్రాఫర్: మా ఫీల్డ్‌లోనే ఉన్న కుర్రాడండీ. ఆన్‌లైన్‌లో 1 టీబీ పెన్‌డ్రైవ్ చవగ్గా వస్తోందని తెప్పించుకున్నాడు. ఒక పెళ్లి ఫుటేజీ, ఫొటోలు కలిపి దాదాపు 90 జీబీ అందులోకి కాపీ చేశాడు. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కెమెరా కార్డులు ఫార్మాట్ కొట్టి మర్నాడు ఇంకో పెళ్లికి వెళ్లిపోయాడు. తీరా ఆల్బమ్‌కి కూర్చుంటే జీలకర్ర బెల్లం దాకా ఫొటోలు శుభ్రంగా తెరుచుకున్నాయి. తలంబ్రాల్లో ఒక ఫొటో సగం వచ్చింది, కింద సగం బూడిద రంగు. ఆ తర్వాత ఏదీ తెరుచుకోలేదు.

టెక్నీషియన్: ఆ సగం ఫొటో దగ్గరే అసలు చిప్ అయిపోయిందన్నమాట.

వ్యాఖ్యాత: మరి కాపీ అవుతున్నప్పుడే ‘చోటు లేదు’ అనాలి కదా?

టెక్నీషియన్: ఎవరనాలి మేడమ్? డ్రైవ్ ఎంత పెద్దదో కంప్యూటర్ కొలవదు, డ్రైవ్‌లోని కంట్రోలర్‌ని అడుగుతుంది. ఆ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ మార్చేసి 1 టీబీ అని చెప్పిస్తారు. విండోస్‌లో 931 జీబీ అని కనపడుతుంది, అసలు 1 టీబీకీ అంతే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. 32 జీబీ నిండాక వచ్చే డేటాని కంట్రోలర్ ‘సరే, రాసేశాను’ అని పారేస్తుంది. ఫైళ్ల పేర్ల పట్టీ మామూలుగా డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది, అది నిజం చిప్ మీదే పడుతుంది. అందుకే పేరు, సైజు, తేదీ అన్నీ కనిపిస్తాయి, లోపల మాత్రం సరుకుండదు.

ఫొటోగ్రాఫర్: కొన్నింట్లో పాత ఫైళ్లే పోతాయంటారు?

టెక్నీషియన్: అది ఇంకో రకమండీ. చివరికి రాగానే మళ్లీ మొదటికి తిరిగి పాతవాటి మీదే రాసేస్తుంది. ఆ పేర్ల పట్టీ మీద కూడా రాసిందంటే డ్రైవ్ పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది.

వ్యాఖ్యాత: కొన్న రోజే తెలుసుకోవడం ఎలా?

టెక్నీషియన్: ఒక ఫైలు వేసి తెరిచి చూశాం, బానే ఉందంటారు. ఆ ఒక్క ఫైలూ మొదటి 32 జీబీలోనే ఉంటుంది కదా! పైగా అప్పుడే కాపీ చేసిన ఫైలుని కంప్యూటర్ తన మెమరీలోంచే చూపించొచ్చు, డ్రైవ్‌ని ముట్టుకోకుండానే. కాబట్టి ఖాళీ డ్రైవ్‌ని నిండా నింపాలి, పీకి మళ్లీ పెట్టాలి, అంతా చదివి పోల్చాలి. విండోస్‌లో ఈ పని H2testw అనే ఉచిత ప్రోగ్రామ్ చేస్తుంది. ముందు రాయించి, డ్రైవ్ పీకి పెట్టాక Verify నొక్కండి. నకిలీదైతే ఎంత OK, ఎంత DATA LOST అని విడివిడిగా చూపిస్తుంది.

ఫొటోగ్రాఫర్: 1 టీబీ నింపడమంటే ఎంతసేపు?

టెక్నీషియన్: చవక డ్రైవ్ సెకనుకి 10 ఎంబీ రాస్తుందనుకోండి, రాయడానికే ఒక రోజు దాటుతుంది. అందుకే నేను ముందు 64 జీబీ మాత్రమే రాయిస్తాను, రెండు గంటల లోపు అయిపోతుంది. నకిలీవి చాలావరకు అక్కడే దొరికిపోతాయి. కానీ అందులో పాసయిందని మిగతాది నిజమనుకోకూడదు, అసలు చిప్ 128 జీబీ అయ్యుండొచ్చు. లైనక్స్ ఉంటే f3 ప్యాకేజీ వేసుకుని ఇలా కొడితే, డ్రైవ్ అంతా నింపకుండానే చాలా త్వరగా అసలు సైజు తేలుస్తుంది:

```
sudo f3probe --destructive --time-ops /dev/sdb
```

ఇది డ్రైవ్‌లో ఉన్నదాన్ని పాడుచేస్తుంది. sdb అనేది మీ పెన్‌డ్రైవేనా అని lsblk కొట్టి ముందే చూసుకోండి, పొరపాటున హార్డ్ డిస్క్ పేరు ఇచ్చారో, అంతే సంగతులు. ఫలితంలో Announced size అంటే డ్రైవ్ చెప్పుకునేది, Usable size అంటే నిజంగా ఉన్నది.

వ్యాఖ్యాత: 64 జీబీ కొంటే 59.6 చూపిస్తోంది, ఇది కూడా మోసమేనా అని ప్రేక్షకులొకరు అడుగుతున్నారు.

టెక్నీషియన్: కాదండీ. కంపెనీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. తేడా అంతే.

ఫొటోగ్రాఫర్: మావాడి ఫొటోలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వస్తాయా?

టెక్నీషియన్: ఆ పెన్‌డ్రైవ్‌లోంచి రావు. రాయనిదాన్ని తియ్యడం ఎవరి వల్లా కాదు. కెమెరా కార్డుల మీద ప్రయత్నించొచ్చు, ఫార్మాట్ కొట్టాక వాటి మీద ఏమీ తీయకుండా ఉంటే.

ఫొటోగ్రాఫర్: మర్నాడే ఇంకో పెళ్లి తీశాడండీ వాటి మీద.

టెక్నీషియన్: అయితే ఆ రెండో పెళ్లి ఆక్రమించిన చోటు పోయినట్టే. మిగిలిన చోట ఏమైనా ఉందేమో చూడాలి. కార్డులు రేపు నా దగ్గరికి పంపించమనండి, ఈలోగా కెమెరాలో పెట్టొద్దని చెప్పండి.