టర్న్‌టేబుల్: మోడల్ తిరగాలి, మిగతావన్నీ నిలకడగా ఉండాలి

అందరికీ నమస్కారం. బ్లెండర్‌లో 3D మోడల్‌ని ఒక చుట్టు తిప్పి చూపించే టర్న్‌టేబుల్ వీడియో అనగానే చాలామంది లైటింగ్ గురించే అడుగుతారు. నేను మాత్రం మోడల్ తిరిగే ఇరుసుతో, అంటే పివట్‌తో మొదలుపెడతాను. అది సరిగ్గా లేకపోతే ఎంత మంచి లైటింగ్ ఇచ్చినా వీడియో కుదురుగా కనిపించదు.

ఒక స్టీల్ కెటిల్ మోడల్ తీసుకుందాం. ఒకవైపు పొడుగాటి ముక్కు, మరోవైపు పొట్టి పిడి. మోడల్ మొత్తం వెడల్పుకి మధ్యలో పివట్ పెడితే, ముక్కు పొడవు వల్ల అది కెటిల్ గుండ్రటి భాగం మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. తిప్పగానే కెటిల్ కుడికీ ఎడమకీ ఊగుతుంది. చూసేవాళ్ళకి కెమెరానే కదిలినట్టు అనిపిస్తుంది. అందుకే గుండ్రటి భాగం మధ్యలో ఒక ఎంప్టీ పెట్టి, మోడల్‌ని దానికి పేరెంట్ చేసి, ఎంప్టీని తిప్పండి. ముక్కు పూర్తిగా పక్కకి తిరిగిన ఫ్రేమ్‌లో కూడా అంచు తగలకుండా ఫ్రేమింగ్ చూసుకోండి. కెమెరా లెన్స్ 85 మి.మీ. దగ్గర పెట్టి, కెమెరాని దూరంగా జరపండి. దగ్గర నుంచి 35 మి.మీ.తో తీస్తే ముక్కు మనవైపు తిరిగిన ప్రతిసారీ ఉబ్బినట్టు కనిపిస్తుంది.

కెమెరానే మోడల్ చుట్టూ తిప్పితే సరిపోదా అంటారు. లైట్లు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి, సగం చుట్టు మనం చీకటి వైపు చూడాల్సి వస్తుంది. కెటిల్ తిరిగితే మెరుపు ఉన్నచోటే నిలుస్తుంది, ఉపరితలం దాని కిందుగా జరిగిపోతుంది. చిన్న గీత, వేలిముద్ర, సొట్ట, ఒక్కొక్కటీ ఆ మెరుపులోంచి దాటుతూ బయటపడతాయి. మీరు రఫ్‌నెస్ మ్యాప్ మీద పెట్టిన శ్రమంతా కనిపించేది అక్కడే. ఆ మెరుపు వెడల్పుగా, మెత్తగా ఉండాలంటే ఏరియా లైట్ పెద్దదిగా ఉండాలి. చిన్న లైటు స్టీలు మీద తెల్ల చుక్కలా మిగిలిపోతుంది.

లైట్లన్నీ తెల్లగానే ఉంచండి. నిజంగా న్యూట్రలా కాదా అనేది కంటితో తేల్చలేం. కెటిల్ పక్కన రంగు లేని బూడిద గోళం పెట్టి ఒక ఫ్రేమ్ రెండర్ చేయండి. గోళం మీద ఎక్కడ చూసినా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు దాదాపు సమానంగా రావాలి. నీలం ఎక్కువ వస్తే, వెలుగు కోసం సీన్ చుట్టూ పెట్టిన హెచ్‌డీఆర్‌ఐ చిత్రం నుంచి రంగు దిగుతుండొచ్చు. కెటిల్ నీడ వైపు అంచులు కలిసిపోకుండా, బ్యాక్‌గ్రౌండ్ కూడా నలుపు కాకుండా మధ్యస్థ బూడిద రంగులో ఉంటే మంచిది.

చివరిగా, లూప్ అతికే చోటు. సెకనుకి 24 ఫ్రేములతో 5 సెకన్ల వీడియో అంటే 120 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి 3 డిగ్రీలు. 1వ ఫ్రేములో 0 డిగ్రీలు, 121వ ఫ్రేములో 360 డిగ్రీలు కీ పెట్టి, 1 నుంచి 120 వరకే రెండర్ చేయండి. 360ని 120వ ఫ్రేములోనే పెడితే మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే అయిపోయి, ప్రతి చుట్టుకీ ఒక చిన్న తడబాటు వస్తుంది. బ్లెండర్‌లో మామూలుగా కీల మధ్య వేగం మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో రెండు కీలూ ఎంచుకుని, T నొక్కి `Linear` పెట్టండి. అసలు రెండర్‌కి ముందు తక్కువ శాంపిల్స్‌తో ఒక చుట్టు తీసి, దాన్ని లూప్‌లో వదిలి ముక్కు కొసనే చూడండి. చుట్టు ఎక్కడ మొదలైందో మీరే కనిపెట్టలేకపోతే, అప్పుడు పూర్తి నాణ్యతతో పీఎన్‌జీ ఫ్రేములుగా రెండర్ పెట్టేయొచ్చు.