పక్క దీవిలో ఇంకా నిన్నే

(స్టూడియో చర్చ: యాంకర్, భూగోళశాస్త్ర అధ్యాపకురాలు, మర్చంట్ నేవీలో పనిచేసిన కెప్టెన్)

యాంకర్: మేడమ్, పసిఫిక్ సముద్రంలోని సమోవాకూ అమెరికన్ సమోవాకూ మధ్య దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే. ఒకచోట శనివారమైతే రెండోచోట శుక్రవారం. ఎలా?

అధ్యాపకురాలు: ముందు గడియారాలు చూడండి. రెండుచోట్లా ఒకే టైమ్ చూపిస్తాయి. సమోవా గ్రీనిచ్ కంటే 13 గంటలు ముందు, అమెరికన్ సమోవా 11 గంటలు వెనక. కలిపితే 24. సూర్యుడు ఇద్దరికీ దాదాపు ఒకేసారి ఉదయిస్తాడు, తేడా అంతా క్యాలెండర్‌లోనే.

యాంకర్: తేదీ మారే గీత, అంటే దినరేఖ, 180 డిగ్రీల రేఖాంశం మీద ఉండాలి కదా?

అధ్యాపకురాలు: ఈ రెండూ దానికి తూర్పునే ఉన్నాయి. కానీ దినరేఖ ఎక్కడుండాలో చెప్పే ఒప్పందం ఏదీ లేదు. 1884లో వాషింగ్టన్ సమావేశం తేల్చింది గ్రీనిచ్ రేఖ సంగతే. తమ తేదీని ఏ దేశానికాదేశమే ఎంచుకుంటుంది. పటం గీసేవాళ్లు దానికి తగ్గట్టు గీతను వంచుతారు.

యాంకర్: సమోవా ఎందుకు మార్చుకుంది?

అధ్యాపకురాలు: అసలు రెండుసార్లు మార్చుకుంది. 1892లో అమెరికాతో వ్యాపారం కోసం అటు తేదీకి వెళ్లి, జులై 4ను రెండుసార్లు గడిపింది. తర్వాత వ్యాపారం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల వైపు మళ్లింది. సమోవాలో శుక్రవారం ఆఫీసు తెరిస్తే అక్కడ శనివారం, సెలవు. అక్కడ సోమవారం పని మొదలైతే ఇక్కడ ఆదివారం, అందరూ చర్చిలో. ఇద్దరికీ కలిసొచ్చే పనిదినాలు వారానికి నాలుగే. అందుకే 2011 డిసెంబర్ 29, గురువారం అర్ధరాత్రి దాటగానే నేరుగా 31, శనివారంలోకి అడుగుపెట్టారు. దగ్గర్లోని టోకెలావ్ దీవులు కూడా అలాగే చేశాయి. లేని ఆ శుక్రవారానికి ఉద్యోగులకు జీతం ఇవ్వాలని ప్రభుత్వం చెప్పడం నాకు చాలా నచ్చింది. అమెరికన్ సమోవా లావాదేవీలు అమెరికాతో కాబట్టి పాత తేదీలోనే ఉండిపోయింది.

యాంకర్: కెప్టెన్ గారూ, ప్రయాణికులు ఎక్కడ పొరబడతారు?

కెప్టెన్: హోటల్ బుకింగ్‌లో. సమోవా రాజధాని ఆపియాలో శనివారం మధ్యాహ్నం విమానం ఎక్కితే అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో దిగేసరికి శుక్రవారం మధ్యాహ్నం. శనివారం రాత్రికి గది తీసుకున్నవాళ్లకు దిగిన శుక్రవారం రాత్రి గది ఉండదు. టికెట్ మీద ఉండేది ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే కాబట్టి, దిగే తేదీ ఎక్కిన తేదీ కంటే ముందుదిగా కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు, దాన్ని చూసే గది బుక్ చేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో శుక్రవారం సాయంత్రం ఎక్కితే శనివారం సాయంత్రం దిగుతారు.

యాంకర్: నడిసముద్రంలో ఓడకో?

కెప్టెన్: అక్కడ ఈ వంపులు మాకు లెక్కలోకి రావు. ఏ దేశ జలాల్లోనూ లేనప్పుడు 180 డిగ్రీలనే తేదీ మారే గీతగా పట్టుకుంటాం. రేవుకు వస్తే మాత్రం ఆ రేవు తేదీయే మా తేదీ.