సెలవు చీటీలో రాయాల్సిన మాట

శ్రోతలకు నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అందరి సెలవు చీటీలూ ముందు నా టేబుల్ మీదికే వచ్చేవి. ఎక్కువ చీటీల్లో ఉండేది ఒకే మాట: "సొంత పనుల నిమిత్తం మూడు రోజులు." ఇల్లు మారడానికైనా, రిజిస్ట్రేషన్‌కైనా, ఊరికే వెళ్లడానికైనా అదే రాసేవారు. చదివే అధికారికి ఆ పని వాయిదా వేయొచ్చో, వేయకూడదో ఎలా తెలుస్తుంది? పని ఒత్తిడి ఉన్న వారమైతే "వచ్చే వారం చూసుకోండి" అని పక్కన పెట్టేస్తారు. ఇల్లు కొని, ఆ ఇంట్లోకి మారేటప్పుడు సెలవు ఎలా అడగాలో, ఏ రోజులకు అడగాలో ఈ రోజు చెబుతాను. హైదరాబాద్‌లో మా సెక్షన్‌లోనే జరిగిన ఒక సంగతి ఆధారంగా చెబుతాను.

మా దగ్గర ఒక జూనియర్ అసిస్టెంట్ ఉండేది. అద్దె ఇంట్లో ఉంటూ 40 లక్షలకు ఒక పాత ఫ్లాటు కొనుక్కుంది. ఇల్లు మారడానికి ముహూర్తం ముందే చూపించుకుని, దాన్ని బట్టి నాలుగు రోజుల సెలవు రాసుకొచ్చింది. రిజిస్ట్రేషన్ ఎప్పుడని అడిగాను. "అదీ ఆ రోజుల్లోనే అయిపోతుంది సార్, తమ్ముడు వెళ్తాడు" అంది.

అక్కడే రెండు పొరపాట్లున్నాయి. కొనేవాళ్ల బదులు తమ్ముణ్ణి ఊరికే పంపితే కుదరదు. రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఎ సెక్షన్ ప్రకారం అమ్మేవాళ్లవే కాదు, కొనేవాళ్ల ఫొటో, వేలిముద్రలు కూడా దస్తావేజుకు ఉండాలి. ఇక రెండోది: సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్లాటు దొరికిన రోజే మన రోజు. ముహూర్తం మన చేతుల్లో ఉంటుంది, స్లాటు ఉండదు. అందుకే ముందు స్లాటు, తర్వాత సెలవు, ఆ తర్వాత సామాన్ల బండి అని చెప్పాను.

ఆ అమ్మాయి చీటీ వెనక్కి తీసుకుంది. వారం తర్వాత గురువారం ఉదయం 11 గంటలకు స్లాటు దొరికింది. అప్పుడు ఇద్దరం క్యాలెండర్ ముందు పెట్టుకున్నాం. ఆ శనివారం రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. ఆ మర్నాడు ఆదివారం. గురు, శుక్ర వారాలకు రెండు క్యాజువల్ లీవులు పెడితే నాలుగు రోజులు చేతికొస్తాయి. మన రాష్ట్ర ఉద్యోగులకు ఏడాదికి 15 క్యాజువల్ లీవులు ఉంటాయి. వాటిని ఆదివారాలతో, పండుగ సెలవులతో కలుపుకోవచ్చు, అయితే మొత్తం గైర్హాజరు 10 రోజులు దాటకూడదు. మామూలు ఇల్లు మారడానికి అన్ని రోజులు అక్కర్లేదు కాబట్టి సంపాదిత సెలవు జోలికి పోలేదు.

శుక్రవారం ఎందుకంటే, ఏదైనా ఆగిపోతే సర్దుకోవడానికి. ఆ రోజు కోసమే నేను పట్టుబట్టాను.

తర్వాత చీటీ ఇలా రాయించాను: "నేను కొంటున్న ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కు గురువారం ఉదయం 11 గంటలకు స్లాటు ఖరారైంది. కొనుగోలుదారుగా నా ఫొటో, వేలిముద్రల కోసం నేను స్వయంగా హాజరు కావాలి. అనివార్యంగా ఆలస్యమైతే మర్నాడు కూడా వెళ్లవలసి రావచ్చు. శని, ఆదివారాల్లో ఇల్లు మారుతున్నాను. కాబట్టి గురు, శుక్ర వారాలకు క్యాజువల్ లీవు మంజూరు చేయగోరుతున్నాను. నా దగ్గరున్న జీతాల బిల్లుల ఫైళ్లు బుధవారం సాయంత్రం లోగా పక్క సీటువారికి అప్పగిస్తాను." స్లాటు బుక్ చేసిన కాగితం నకలు జత చేసింది. మా సూపరింటెండెంట్ గారు ఆ సాయంత్రమే సంతకం చేశారు. ఎవరు ఏ రోజు ఉండరో, ఆ పని ఎవరు చూస్తారో తెలిశాక అధికారికి ఆపే కారణం ఉండదు.

ఇంకొక కాగితం ఉంది, చాలామంది మర్చిపోతారు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 9వ నియమం ప్రకారం స్థిరాస్తి కొనే ముందే ఉద్యోగి ప్రభుత్వానికి తెలియజేయాలి. సెలవు చీటీలో ఫ్లాటు అని రాశాం కదా అనుకుంటే సరిపోదు. ఎంతకు కొంటున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, బ్యాంకు రుణం ఎంత అన్న వివరాలతో వేరే అర్జీ పై అధికారి ద్వారా వెళ్లాలి. కొన్న తర్వాత రాసుకుంటూ కూర్చుని, వివరణలు ఇచ్చుకున్నవాళ్లను నేను చూశాను. ఈ అమ్మాయి అర్జీ అగ్రిమెంటు రాసుకున్నప్పుడే పంపింది.

బుధవారం సాయంత్రం దస్తావేజు చిత్తు ప్రతి నాకు చూపించింది. తూర్పు సరిహద్దులో "12 అడుగుల కారిడార్" అని ఉండాల్సిన చోట పక్క ఫ్లాటు నంబరు పడింది. అదే రోజు దిద్దించింది. అలా చూడకుండా రిజిస్టర్ అయిపోతే సవరణ దస్తావేజు రాయాలి. దానికి అమ్మేవాళ్లూ మళ్లీ రావాలి, తను మళ్లీ సెలవు పెట్టాలి. డబ్బు సంగతి కూడా ముందు రోజే చూసుకుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, ఆ 40 లక్షలకు సుమారు 3 లక్షలు. నెట్ బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితి తక్కువగా ఉంటే ఆ ఉదయం చలానా కట్టలేక తిప్పలు పడతారు.

గురువారం అందరూ వచ్చారు. అమ్మేవాళ్లు ఇద్దరు, కొడుకూ ఎనభై ఏళ్ల తల్లీ. కొడుకు వేలిముద్ర వెంటనే పడింది. ఆవిడది ఆధార్‌తో సరిపోలలేదు. ఏళ్ల తరబడి ఇంటిపని చేసి వేళ్లు నున్నగా అరిగిపోయాయి. కొంగుతో తుడిచారు, ఒక్కో వేలు పెట్టి చూశారు. మధ్యాహ్నం దాటాక స్లాటు మర్నాటికి మార్చుకుని ఇంటికి వెళ్లారు. శుక్రవారం ఉదయం ఆవిడ గోరువెచ్చటి నీళ్లలో చేతులు నానబెట్టుకుని, కాస్త కొబ్బరినూనె రాసి తుడుచుకుని వచ్చారు. ఈసారి ఎడమచేతి మధ్య వేలు పడింది. సాక్షులిద్దరూ రెండో రోజు కూడా రాగలిగారు, వాళ్లకు కూడా ముందే రెండు రోజులు చెప్పి ఉంచింది.

ఆ శుక్రవారం లేకపోయి ఉంటే? అప్పుడూ ప్రమాదం లేదు, కంగారు పడనక్కర్లేదు. సంతకాలయిన దస్తావేజును నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చు. అందుకే అధికారి "ఈ వారం తనిఖీ ఉంది, కుదరదు" అంటే, స్లాటు ఇంకో రోజుకు మార్చుకుని మళ్లీ అడగవచ్చు. అయితే అగ్రిమెంటులో రాసుకున్న గడువు, బ్యాంకు రుణం మంజూరుకిచ్చిన గడువు ఇంతకంటే ముందే అయిపోవచ్చు. అవేమైనా దగ్గర్లో ఉంటే ఆ తేదీ కూడా చీటీలో రాయండి. ప్రైవేటు ఉద్యోగులకు నియమాలు వేరుగా ఉన్నా, స్లాటు కాగితం జతచేసి, పని ఎవరికి అప్పగిస్తారో రాయడం అక్కడ కూడా పనికొస్తుంది.

శనివారం తెల్లవారుజామున కొత్త ఇంట్లో పాలు పొంగించారు. పది గంటలకు బండి వచ్చింది. మర్నాడు సాయంత్రానికి బీరువా, మంచాలు, దేవుడి పటాలు వాటి వాటి చోట్లలో చేరాయి. సోమవారం పదిన్నరకు ఆ అమ్మాయి సీట్లో కూర్చుని జీతాల బిల్లుల ఫైళ్లు వెనక్కి తీసుకుంది. కొత్త చిరునామా సర్వీసు రిజిస్టరులో మార్చడానికి రాసిన కాగితం ఆ మధ్యాహ్నమే నా టేబుల్ మీదికి వచ్చింది.