మూడు రూపాయల వడ్డీ బంగారం: ముప్పై మూడు నెలల లెక్క

[దృశ్యం: నెల్లూరు ఆచారి వీధి, ఉదయం. నగల దుకాణాల తలుపులు తెరుస్తున్నారు. కెమెరా ఒక తూకం మీద ఆగుతుంది.]

వ్యాఖ్యానం:

కావలి దగ్గరి ఒక పల్లెలో, కోతలు అయిపోయి ధాన్యం డబ్బు చేతికి వచ్చిన రోజుల్లో, ఒక ఇంటికి దగ్గరి బంధువు వచ్చాడనుకుందాం. ఇది కల్పించిన ఉదాహరణే కానీ, ఇందులోని మాటలు మీలో చాలామంది విన్నవే. "అబ్బయ్యా, బ్యాంకులో వేస్తే ఏమొస్తుంది? మా అంగడాయన బంగారం వ్యాపారంలో పెడతాడు. 5 లక్షలిస్తే నెలకు 15 వేలు ఇంటికే పంపిస్తాడు, ఏడాది దాటాక అడిగిన రోజు అసలు ఇచ్చేస్తాడు. నేను పెట్టి ఎనిమిది నెలలైంది, ఒక్క నెల తప్పలేదు" అని ఆయన చెబుతాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు ఎనిమిది నెలలుగా డబ్బు అందుతోంది. ఈ వీడియోలో మనం పరిశీలించబోయేది ఆ ఎనిమిది నెలల చెల్లింపులనే.

[తెర మీద: 5,00,000 పక్కన నెలకు 15,000]

5 లక్షలకు నెలకు 15 వేలంటే నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. వేరే ప్రాంతంలో ఈ అంకె వినగానే జనం ఉలిక్కిపడతారేమో గాని, మన వైపు ఊళ్ళలో నోటు రాసుకుని రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిపుచ్చుకోవడం మామూలు విషయం కాబట్టి, మూడు రూపాయలు అంటే కాస్త ఎక్కువ అనిపిస్తుందే తప్ప అసాధ్యమని అనిపించదు. ఈ పథకాలు నడిపేవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వారు ఏడాదికి 36 శాతం అని ఎప్పుడూ అనరు.

ఇప్పుడు ఆ అంగడాయన మీ 5 లక్షలతో ఏ వ్యాపారమూ చేయలేదనీ, కేవలం బీరువాలో పెట్టుకున్నాడనీ అనుకుని లెక్క వేయండి. అందులోంచే ప్రతి నెలా 15 వేలు తీసి మీకు పంపితే, ఆ డబ్బు 33 నెలలు వస్తుంది. తీసుకొచ్చిన బంధువుకు 25 వేలు కమీషన్ ఇచ్చినా 31 నెలలు వస్తుంది. అంటే కొత్తగా ఒక్క మనిషి కూడా చేరకపోయినా, ఒక్క గ్రాము బంగారం కొనకపోయినా, రెండున్నర ఏళ్ళ పాటు ఆయన మీకు ఒక్క నెల కూడా తప్పకుండా "లాభం" పంపగలడు. మీ బంధువు చూపించిన ఎనిమిది నెలల చెల్లింపు ఆ వ్యాపారం ఉందనడానికి గానీ లేదనడానికి గానీ సాక్ష్యం కాదు. అది ఆయన పెట్టిన అసలులో నాలుగో వంతు కంటే తక్కువ భాగం ఆయనకే తిరిగి రావడం, అంతే.

[దృశ్యం: నీళ్ళ తొట్టి నుంచి చెంబుతో నీళ్ళు తీసి, అదే తొట్టి యజమానికి ఇస్తున్న చేయి]

కొత్తవారు చేరుతూ ఉంటే ఈ గడువు ఇంకా పొడుగవుతుంది. బెంగళూరులో 2006లో మొదలైన ఐ మానిటరీ అడ్వైజరీ అనే సంస్థ, బంగారం వ్యాపారం పేరు చెప్పి సేకరించిన డబ్బుకు ఏళ్ళ తరబడి నెలనెలా ప్రతిఫలం పంచింది. 2019 జూన్‌లో దాని యజమాని దేశం విడిచి వెళ్ళాడు, జూలైలో ఢిల్లీలో అరెస్టయ్యాడు. మనకు ఇంకా దగ్గరగా, చెన్నైలో ఆరుద్ర గోల్డ్ ట్రేడింగ్ సంస్థ మీద 2022లో తమిళనాడు ఆర్థిక నేరాల విభాగం కేసు పెట్టింది. నెలకు 25 నుంచి 30 శాతం ఇస్తామని చెప్పి సుమారు లక్ష మంది దగ్గర 2,438 కోట్ల రూపాయలు సేకరించారన్నది పోలీసుల అభియోగం. అంత పెద్ద అంకెకు జాగ్రత్తపరుడు భయపడి వెనక్కు తగ్గుతాడు. మూడు రూపాయల వడ్డీకి తగ్గడు. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

[తెర మీద: "బంగారం పిల్లలు పెట్టదు"]

బంగారానికి తనంతట తానుగా రాబడి ఉండదు. పొలం పంటనిస్తుంది, ఇల్లు అద్దె తెస్తుంది, లాకరులోని గొలుసు ఏదీ తేదు. ధర పెరిగితే లాభం, తగ్గితే నష్టం. నగల అంగడికి వచ్చే ఆదాయం మజూరీ, తరుగు, అమ్మకపు తేడా నుంచి వస్తుంది, అది అమ్మకాలను బట్టి నెలనెలా మారుతుంది. ధర మారే వస్తువు మీద, అమ్మకం మారే వ్యాపారంలో, ప్రతి నెలా మారని ఆదాయాన్ని హామీగా ఇవ్వడం ఎలా సాధ్యమని అడిగితే, సాధారణంగా "అది మా ట్రేడింగ్ రహస్యం" అనో, "దుబాయ్ నుంచి తెప్పిస్తాం" అనో జవాబు వస్తుంది. దీనికొక కొలబద్ద ఉంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన సావరిన్ గోల్డ్ బాండ్ల మీద, ధర పెరుగుదల కాక, ఇస్తూ వచ్చిన వడ్డీ ఏడాదికి మొదట్లో 2.75 శాతం, ఆ తర్వాత రెండున్నర శాతం. ప్రభుత్వం ఏడాదికి ఇచ్చిన దానికంటే ఎక్కువ, వీధి చివరి అంగడి నెలకు ఇస్తానంటోంది.

[దృశ్యం: ఒక మహిళ పాత గాజులు, గొలుసు చిన్న సంచిలోంచి తీసి బల్ల మీద పెడుతుంది]

ఇదే వల ఇంకో రూపంలోనూ వస్తుంది, దీన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే ఇందులో వడ్డీ అన్న మాటే ఉండదు. "వదినా, ఆ పాత నగలు ఊరికే పడి ఉన్నాయి కదా, మా దగ్గర పెట్టండి, పదకొండు నెలల తర్వాత అంతే బరువున్న కొత్త నగ తరుగు, మజూరీ లేకుండా తీసుకోండి" అంటారు. 5 సవర్ల నగ, అంటే 40 గ్రాములు, ఇచ్చారనుకుందాం. అంగడి దాన్ని ఆ వారమే కరిగించి అమ్ముకుంటుంది. గ్రాము 7,000 ఉన్నప్పుడు అమ్మితే 2,80,000 వస్తుంది, ఆ డబ్బు అప్పులకో, స్థలాలకో పోతుంది. గడువు తీరే నాటికి గ్రాము 9,500 అయితే, మీకు ఇవ్వవలసిన నగకు 3,80,000 కావాలి. ఒక్క ఇంటి విషయంలోనే లక్ష లోటు. ఇలాంటి ఇళ్ళు మూడు వందలుంటే మూడు కోట్లు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. ధర అంత వేగంగా పెరిగే కాలంలో, తీసుకున్న బంగారానికి సరిపడా బంగారం నిల్వ ఉంచని అంగడి, మోసం చేయాలన్న ఉద్దేశం మొదట్లో లేకపోయినా, నిలబడలేదు. బంగారం ధర పెరుగుతోందని ఇంట్లో సంతోషపడుతున్న రోజుల్లోనే ఆ అంగడి షట్టరు దిగి, యజమాని ఐపీ పెట్టే పరిస్థితి రావచ్చు.

నగల అంగళ్ళు నడిపే నెలవారీ చీటీలన్నీ మోసమని నేను అనడం లేదు. పదకొండు నెలలు డబ్బు కట్టి, చివర నగ తీసుకునే పథకం చట్టబద్ధంగా నడవగలదు. ఆ పదకొండు నెలల లెక్క వెనుక కారణం ఉంది. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన డిపాజిట్ల నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు 365 రోజుల లోపల సరుకు ఇచ్చేస్తే అది డిపాజిట్ కాదు. అందుకే నిజాయితీగా నడిచే పథకంలో చివరికి నగే చేతికి వస్తుంది. డబ్బు వెనక్కి, అదీ లాభంతో, ఇస్తామన్న క్షణంలో అది కొనుగోలు కాదు, డిపాజిట్ అవుతుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 నాటి చట్టం నిషేధించింది. వాటిని స్వీకరించినవారికి రెండు నుంచి ఏడేళ్ళ వరకు జైలు శిక్ష ఉంది. అయితే పదకొండు నెలల పథకంలోనూ ఒక పరిమితి ఉంది: మీరు కట్టిన సొమ్ముకు తాకట్టు ఏమీ లేదు. అంగడి మూతపడితే మీరు మిగతా అప్పులవాళ్ళతో పాటు వరుసలో నిలబడాలి.

[దృశ్యం: అంగడి గోడ మీద ఫ్రేము కట్టిన పత్రాలు, ఒక్కొక్కటిగా]

కాబట్టి డబ్బు ఇచ్చే ముందు రసీదును చదవాలి. దాని మీద "నగల కొనుగోలుకు అడ్వాన్సు" అని ఉండి, నోటితో మాత్రం నెలవారీ లాభం చెబుతుంటే, ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాయే అతి పెద్ద ప్రమాద సూచన. ఎందుకంటే రేపు ఫిర్యాదు చేసినప్పుడు చేతిలో ఉండేది కాగితమే. కొందరు రసీదు బదులు రాబోయే తేదీ వేసిన చెక్కు ఇస్తారు. చెక్కు డబ్బు కాదు. ఖాతాలో ఏమీ లేకపోతే అది కేసు వేయడానికి మాత్రమే పనికొస్తుంది. గోడ మీది పత్రాలను చూసి మోసపోకూడదు. జీఎస్టీ నమోదు అమ్మకపు పన్ను కోసం, ఉద్యం పత్రం చిన్న పరిశ్రమగా గుర్తింపు కోసం, కంపెనీ నమోదు పత్రం ఆ పేరుతో ఒక సంస్థ ఉందని చెప్పడానికి. వీటిలో ఏదీ ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి కాదు. బీఐఎస్ హాల్‌మార్క్ కూడా అంతే, అది నగ స్వచ్ఛతను చెబుతుంది, అంగడి స్థోమతను కాదు. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో చూడడానికి రిజర్వు బ్యాంకు నడిపే sachet.rbi.org.in ఉంది, ఫిర్యాదు కూడా అక్కడే చేయవచ్చు.

పాత నగ ఇవ్వక తప్పదనుకుంటే, ఎదురుగా తూకం వేయించి, బరువు, క్యారెట్టు, తిరిగి ఇవ్వవలసిన తేదీ రసీదులో రాయించుకోండి. నగ మీద హాల్‌మార్క్‌తో పాటు వేసే ఆరక్షరాల గుర్తింపు కోడ్, అంటే హెచ్‌యూఐడీ ఉంటే దాన్ని కూడా రాయించి, ఇచ్చే ముందు ఫోటో తీసుకోండి. ఈ మాటలు అడిగినప్పుడు అంగడాయన ముఖం ఎలా మారుతుందో గమనించండి. నిలకడైన వ్యాపారి వీటిని అడగక ముందే రాసిస్తాడు.

[దృశ్యం: మళ్ళీ కావలి ఇల్లు. గోడ క్యాలెండరులో నెలనెలా సున్నా చుట్టిన తేదీలు]

ఇప్పటికే డబ్బు పెట్టినవారు ఒక లెక్క చేసుకోవచ్చు. ఇప్పటి దాకా వచ్చిన మొత్తాన్ని మీ అసలులోంచి తీసేయండి. మిగిలిందే మీకు రావలసినది. తర్వాతి నెల డబ్బు వచ్చే దాకా ఆగకుండా, ఇప్పుడే లిఖితపూర్వకంగా ఆ మొత్తం అడగండి. "ఈ నెల ఆగండి, రేటు తగ్గాక ఇస్తాం", "ఇంకొకరిని చేరిస్తే మీది వెంటనే క్లియర్ చేస్తాం" అన్న జవాబు వస్తే, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలు ప్రింటు తీసుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళండి. యాప్ ద్వారా గానీ ఫోన్ ద్వారా గానీ డబ్బు పంపి ఉంటే అదే రోజు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఎవరో ఒకరి ఖాతాలో ఉన్న గంటల్లోనే దాన్ని ఆపించే వీలుంటుంది. ఆ బంధువును కూడా వెంట తీసుకెళ్ళండి. ఆయన 5 లక్షలు కూడా అదే బీరువాలో ఉన్నాయి.