ఒక్క మాటైనా ఉండాలి, మూడు మాటలైనా ఉండాలి

(విజయవాడ స్టూడియో నుంచి ప్రసారమైన ఇంగ్లిష్ సందేహాల ఫోన్-ఇన్ కార్యక్రమం. కొంత భాగం.)

వ్యాఖ్యాత: పాట తర్వాత మళ్లీ మన కార్యక్రమంలోకి వచ్చాం. మాస్టారు స్టూడియోలోనే ఉన్నారు. లైన్లో గుంటూరు నుంచి ఒకరున్నారు. నమస్కారమండీ, చెప్పండి.

గుంటూరు కాలర్: నమస్కారం మేడం. నమస్కారం మాస్టారూ. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తానండి. బయటి రాష్ట్రం పార్టీ ఒకాయనకి సరుకు పంపాం, డబ్బులు రావట్లేదు. మా షావుకారు ఇంగ్లిష్‌లో గట్టిగా ఒక లెటర్ రాయమన్నారు. రాశాను. మా అబ్బాయి చూసి మూడు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి అని నవ్వుతున్నాడండి.

మాస్టారు: నవ్వనివ్వండి, ముందు చదవండి.

గుంటూరు కాలర్: మొదటిది, "డిస్పైట్ ఆఫ్ హెవీ రెయిన్, వి లోడెడ్ ద లారీ ఆన్ టైమ్." రెండోది, "ఇన్ స్పైట్ అవర్ త్రీ రిమైండర్స్, యు హావ్ నాట్ పెయిడ్." మూడోది, "దో ద రేట్ వెంట్ అప్, యెట్ వి గేవ్ యు ద ఓల్డ్ రేట్." అంతేనండి.

మాస్టారు: మీ అబ్బాయికి మూడింట రెండు మార్కులే వేస్తాను. మొదటి రెండూ తప్పే. మూడోది తప్పు కాదు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు చూడండి, మొదటి దాంట్లో అక్కర్లేని "ఆఫ్" పెట్టారు, రెండో దాంట్లో ఉండాల్సిన "ఆఫ్" తీసేశారు. అక్కడిది తీసి ఇక్కడ పెడితే రెండూ బాగుపడతాయి.

గుంటూరు కాలర్: అదేనండీ నాకు అర్థం కానిది. అర్థం రెండిటికీ ఒకటే కదా. ఒకదానికి ఆఫ్ ఎందుకు, ఇంకోదానికి ఎందుకొద్దు?

మాస్టారు: మంచి ప్రశ్న. దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. స్పైట్ అన్నా, డిస్పైట్ అన్నా పుట్టుక ఒక్కటే. పాత ఫ్రెంచి మాటలోంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది, దాని వెనక లాటిన్ మాట ఉంది. అక్కడ అర్థం, పైనుంచి చిన్నచూపు చూడటం. అంటే ధిక్కారం, లెక్కలేనితనం. మనం తెలుగులో "వానని లెక్కచేయకుండా లారీ ఎత్తించాం" అంటాం కదా, సరిగ్గా అదే ఊహ వాళ్లకీ ఉంది.

గుంటూరు కాలర్: అవునండి, అలాగే అంటాం.

మాస్టారు: పూర్వం వాళ్లు "ఇన్ డిస్పైట్ ఆఫ్" అని నాలుగు ముక్కల మాట అనేవాళ్లు... కాదు కాదు, మూడు ముక్కలే, నా లెక్కలు నాకే తప్పుతున్నాయి. వాన పట్ల ధిక్కారంతో, అన్నట్టు. తర్వాత ఆ మాట రెండు దారులు పట్టింది. ఒక దారిలో డిస్పైట్ కాస్తా స్పైట్‌గా చిక్కిపోయింది. ముందున్న ఇన్, వెనకున్న ఆఫ్ మాత్రం అలాగే ఉండిపోయాయి. అది ఇన్ స్పైట్ ఆఫ్. రెండో దారిలో డిస్పైట్ పూర్తి రూపంతో నిలబడి, ముందు ఇన్‌నీ వెనక ఆఫ్‌నీ రెంటినీ వదిలేసుకుంది. అది డిస్పైట్.

వ్యాఖ్యాత: అంటే ఇన్, ఆఫ్ జంటగా ఉంటాయి, పోతే జంటగా పోతాయి.

మాస్టారు: అంతేనమ్మా. అందుకని నేను క్లాసులో గ్రామర్ పేర్లేవీ చెప్పకుండా వేళ్లు లెక్కపెట్టమనేవాణ్ణి. ఒక్క మాటైనా ఉండాలి, మూడు మాటలైనా ఉండాలి. రెండు మాటలొస్తే తప్పు. డిస్పైట్, ఒకటి. ఇన్ స్పైట్ ఆఫ్, మూడు. డిస్పైట్ ఆఫ్ అంటే రెండయ్యాయి, కొట్టెయ్యండి. ఇన్ స్పైట్ అన్నా రెండే, కొట్టెయ్యండి. పైగా స్పైట్ అనే మాట ఒంటరిగా ఇప్పటికీ బతికే ఉంది, దానికి అర్థం కక్ష. "అవుట్ ఆఫ్ స్పైట్" అంటే కక్షకొద్దీ చేశాడని. మీ రెండో వాక్యం ఇంగ్లిష్ బాగా వచ్చినవాడు చదివితే, కక్ష గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో వదిలేశారేమో అనుకుంటాడు.

గుంటూరు కాలర్: కంప్యూటర్‌లో టైప్ చేస్తే ఎర్రగీత రాలేదండి. అందుకే సరిగ్గానే ఉందనుకున్నా.

మాస్టారు: స్పెల్లింగ్ వరకే చూస్తే ఎర్రగీత రాదు. ఇన్ అనే మాట ఉంది, స్పైట్ అనే మాట ఉంది, రెండిటి స్పెల్లింగూ కరెక్టే. ఎర్రగీత లేదని ధైర్యపడకండి.

గుంటూరు కాలర్: ఇంకొక్కటండి. రెండో వాక్యం నేను ముందు వేరేగా రాశాను. "డిస్పైట్ వి సెంట్ త్రీ రిమైండర్స్" అని. అదన్నా నయమా?

మాస్టారు: ఆఫ్ లేదు కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది, కానీ అక్కడ వేరే గొడవ ఉంది. డిస్పైట్ తర్వాత వస్తువు పేరో పని పేరో రావాలి. వాన, రిమైండర్లు, ఆలస్యం, అలాంటివి. "మేము పంపాము" అని కర్తా క్రియా ఉన్న పూర్తి వాక్యం దాని తర్వాత కూర్చోదు. అలాంటిది కావాలంటే దో గానీ ఆల్దో గానీ వాడుకోవాలి. "దో వి సెంట్ త్రీ రిమైండర్స్, యు హావ్ నాట్ పెయిడ్." ఇది శుభ్రంగా ఉంది.

గుంటూరు కాలర్: మా అబ్బాయి "డిస్పైట్ సెండింగ్ త్రీ రిమైండర్స్, యు హావ్ నాట్ పెయిడ్" అని మార్చాడండి. ఐఎన్‌జీ పెడితే సరిపోతుందన్నాడు.

మాస్టారు: (నవ్వు) మీ అబ్బాయికి వేసిన రెండు మార్కుల్లో ఒకటి వెనక్కి తీసుకుంటున్నా. డిస్పైట్ తర్వాత ఐఎన్‌జీ రావచ్చు, నిజమే. కానీ ఆ పని ఎవరు చేశారో వాక్యంలో చెప్పలేదు కదా. అప్పుడు చదివేవాడు కామా తర్వాత ఎవరున్నారో చూసి, పని వాళ్లదే అనుకుంటాడు. ఇక్కడ కామా తర్వాత ఉన్నది "యు". అంటే రిమైండర్లు పంపింది కూడా బాకీదారే, కట్టనిదీ బాకీదారే అయింది. ఆయనకి ఆయనే మూడుసార్లు గుర్తుచేసుకుని కట్టలేదన్నమాట.

వ్యాఖ్యాత: (నవ్వు) షావుకారుగారు చూడకముందే పట్టుకున్నారు.

మాస్టారు: "డిస్పైట్ అవర్ త్రీ రిమైండర్స్" అనండి. అవర్ అనగానే పంపింది మీరేనని తేలిపోతుంది.

గుంటూరు కాలర్: మరి మూడో వాక్యం? దో పక్కన యెట్?

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం ఆగండి, సరిగ్గా ఇదే ప్రశ్నతో విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకమ్మగారు చాలాసేపటి నుంచి లైన్లో ఉన్నారు. మీరూ వినండి. చెప్పండమ్మా.

విజయవాడ కాలర్: నమస్కారమండీ. మా అమ్మాయి బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. చిన్నప్పుడు స్కూల్లో దో వస్తే యెట్ రావాల్సిందేనని నేర్పారు, లేకపోతే మార్కు కట్ చేసేవారు. ఇప్పుడు కోచింగ్‌లో దో, యెట్ రెండూ కలిపి రాస్తే తప్పంటున్నారట. పిల్ల టెన్షన్ పడుతోంది. ఎవరి మాట వినాలండీ?

మాస్టారు: ఇద్దరూ తలొక సగం చెప్పారమ్మా. దో తర్వాత యెట్ రావాల్సిందేనన్నది తప్పు, దో ఒక్కటే చాలు. రెండూ కలిస్తే తప్పన్నదీ తప్పే. మన దగ్గర ఇంటింటా ఉండే రెన్ అండ్ మార్టిన్ గ్రామర్‌లో దో, యెట్ జంటని ఐదర్-ఆర్, నైదర్-నార్ జంటలతో కలిపే చూపించారు. అంతకన్నా పాతది కావాలంటే, 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో యోబు గ్రంథం 13వ అధ్యాయం, 15వ వచనం చూడండి. "దో హి స్లే మి, యెట్ విల్ ఐ ట్రస్ట్ ఇన్ హిమ్." ఆయన నన్ను చంపినా సరే, నేను ఆయన్నే నమ్ముతాను, అని.

విజయవాడ కాలర్: మరి దో, బట్ కలిపి రాయకూడదంటారు కదండీ. యెట్‌కి మాత్రం ఆ మినహాయింపు ఎందుకు?

మాస్టారు: ఆ వచనంలోనే జవాబుంది. "యెట్ ఐ విల్" అనలేదు, "యెట్ విల్ ఐ" అన్నారు. పాత ఇంగ్లిష్‌లో "అయినా సరే" లాంటి మాటని ముందుకు తెచ్చి నొక్కి పలికితే, కర్తా క్రియా ఇలా తారుమారయ్యేవి. అంటే అక్కడ యెట్ రెండు వాక్యాలని అతికే జిగురు కాదు, "అయినా సరే" అని నొక్కిచెప్పే మాట. అతికే పని దో ఎప్పుడో చేసేసింది. బట్ సంగతి అలా కాదు, ఆ చోట దానికి అతకడం తప్ప వేరే పని లేదు. దో ఒకసారి అతికించాక బట్ వచ్చి మళ్లీ అతికిస్తే ఎక్కువైపోతుంది. అందుకని "దో ఇట్ రెయిన్డ్, బట్ వి వెంట్" తప్పు.

వ్యాఖ్యాత: కానీ మనవాళ్లు ఎక్కువగా చేసేది అదే తప్పు కదా మాస్టారూ?

మాస్టారు: మన నోటి అలవాటమ్మా అది. "వాన పడినా గానీ వెళ్లాం" అంటాం. పడినా అన్నాక అర్థం పూర్తయిపోయింది, అయినా గానీ తగిలిస్తాం, తెలుగులో చక్కగానే ఉంటుంది. ఆ గానీనే ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లి బట్ అంటాం. డిస్పైట్ తర్వాత కూడా పెట్టేస్తారు, "డిస్పైట్ ద రెయిన్, బట్ వి వెంట్" అని. అక్కడా కుదరదు.

విజయవాడ కాలర్: మరి పరీక్షలో తప్పు కనిపెట్టమని ఇస్తే?

మాస్టారు: దో కనిపించగానే కామా తర్వాత బట్ ఉందేమో చూడమనండి. ఉంటే తప్పు అక్కడే. యెట్ ఉంటే, అది తప్పని తొందరపడి గుర్తుపెట్టొద్దు, ముందు మిగతా ముక్కలన్నీ వెతకమనండి. తప్పు ఇంకోచోట ఉంటుంది, లేదా "తప్పు లేదు" అన్నదే జవాబవుతుంది. అమ్మాయి సొంతంగా వ్యాసం రాసేటప్పుడు మాత్రం యెట్ వదిలేయడం మంచిది. ఇప్పటి ఇంగ్లిష్‌లో అది పాతకాలపు వాసన వేస్తుంది.

విజయవాడ కాలర్: స్కూల్లో మార్కు కట్ చేసిన టీచర్ని నేనేనండీ. అమ్మాయి నా దగ్గరే చదువుకుంది.

మాస్టారు: (నవ్వు) అయ్యో! మీ కాలంలో మీకూ ఎవరో అలాగే కట్ చేసి ఉంటారు లెండి.

వ్యాఖ్యాత: గుంటూరు మిత్రులు ఇంకా లైన్లో ఉన్నారా?

గుంటూరు కాలర్: ఉన్నానండి. రాసుకున్నాను, చదవమంటారా? "డిస్పైట్ హెవీ రెయిన్, వి లోడెడ్ ద లారీ ఆన్ టైమ్. దో ద రేట్ వెంట్ అప్, వి గేవ్ యు ద ఓల్డ్ రేట్. ఇన్ స్పైట్ ఆఫ్ అవర్ త్రీ రిమైండర్స్, యు హావ్ నాట్ పెయిడ్." బాకీ మాట చివరికి మార్చానండి.

మాస్టారు: ఆ మార్పు నేను చెప్పింది కాదు, మీ తెలివే. చాలా బాగుంది.

గుంటూరు కాలర్: కానీ మాస్టారూ, మా షావుకారు పక్కనే ఉండి వింటున్నారు. ఆ యెట్ ఉంటేనే కొంచెం బరువుగా ఉంటుంది, ఉంచమంటున్నారు.

మాస్టారు: ఉంచుకోమనండి, తప్పేం లేదు. బట్ మాత్రం పెట్టనివ్వకండి.